చెవి కోసం వాక్యం: డికెన్స్ నవలాధ్యాయానికి తెలుగు పఠనప్రతి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్ల శ్రవ్యగ్రంథాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ముందు అనువాదం పూర్తిచేసి, తరువాత దానిపై విరామచిహ్నాలు, ఉచ్చారణసూచనలు చేర్చడం సాధారణంగా కనిపించే పద్ధతి. చార్లెస్ డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లోని 39వ అధ్యాయాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విరామసూచన వాక్యదోషానికి మరమ్మతు కాలేదని, ఉచ్చారణసూచన కథాంశంతో ముడిపడిన నిర్ణయమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శ్రవ్యగ్రంథం, పఠనప్రతి, విరామం, ఉచ్చారణ, సర్వనామం, అనువాదం

ఉపోద్ఘాతం

డికెన్స్ తన రచనలను సభలలో తానే చదివి వినిపించేవాడు. 1858 నుంచి దానిని ఒక వృత్తిగా సాగించాడు. ఇందుకోసం ముద్రితగ్రంథాన్ని ఉన్నది ఉన్నట్టుగా చేతపట్టుకోలేదు. విడిగా పఠనప్రతులు తయారుచేసుకున్నాడు. వాటిలో వర్ణనలు కొట్టివేశాడు, వాక్యాలు కుదించాడు, కొన్ని మాటల కింద గీతలు గీశాడు, అంచులలో తనకు తాను సూచనలు రాసుకున్నాడు. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'కు కూడా అటువంటి ప్రతిని సిద్ధం చేసుకున్నాడు గాని, దానిని సభలో ఎన్నడూ చదవలేదు. రాసినవాడే చదివినా, కంటికి రాసిన వాక్యం చెవికి చాలదని గుర్తించాడన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

రచయితకే తప్పని ఈ పని భాష మారినప్పుడు రెట్టింపవుతుంది. ఈ నవల స్వామ్యహక్కుల కాలం ఎప్పుడో ముగిసినందున ఆంగ్లంలో దీనికి పలు శ్రవ్యరూపాలు ఉన్నాయి. తెలుగు పఠనప్రతి తయారుచేసేవారు మూలగ్రంథంతోపాటు ఆ పఠనాలను కూడా విని, ఎక్కడ ఆగారో, ఎక్కడ గొంతు దించారో గుర్తుపెట్టుకొని, ఆ గుర్తులను తెలుగు వాక్యాలపైకి దించాలని చూస్తారు. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. ఆంగ్లపఠనంలోని విరామం ఆంగ్లవాక్యక్రమం నుంచి పుట్టినది. తెలుగులో క్రియ వాక్యాంతానికి చేరుతుంది. విరామం పాతచోటే ఉండిపోతే, ఆగవలసిన మాట ఒకచోట, ఆగినచోటు మరొకచోట అవుతాయి.

పరిశీలనకు ఎంచుకున్న అధ్యాయం

39వ అధ్యాయం సుమారు ఐదువేల ఆంగ్లపదాల నిడివి గలది. నిమిషానికి 150 పదాల చొప్పున చదివితే అరగంట దాటుతుంది. కథకుడైన పిప్‌కు అప్పటికి ఇరవై మూడేళ్ళు. లండన్‌లో నదిపక్కన ఒక మేడ పైఅంతస్తులో ఉంటున్నాడు. గాలివాన రాత్రి పదకొండు గంటలు కొడుతుండగా మెట్లమీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. దీపం పట్టుకొని చూస్తే అరవై ఏళ్ళ అపరిచితుడు ఒకడు పైకి వస్తుంటాడు. చిన్నతనంలో శ్మశానం దగ్గర తాను అన్నం పెట్టి, సంకెళ్ళు తెంచుకోవడానికి ఆకురాయి తెచ్చి ఇచ్చిన ఖైదీ ఇతడేనని పిప్ కొంతసేపటికి గుర్తుపడతాడు. తనను పెద్దమనిషిని చేసిన అజ్ఞాత ధనదాత కూడా ఇతడేనని ఆ తరువాత తెలుస్తుంది. తెల్లవారుజామున ఐదు కొడుతుండగా అధ్యాయం ముగుస్తుంది.

అంటే ఈ అధ్యాయంలో రెండు ఎరుకలు ఉన్నాయి. ఒకటి మనిషిని గుర్తుపట్టడం, రెండవది ఉపకారిని గుర్తుపట్టడం. శ్రోతకు ఈ రెండూ వేర్వేరు క్షణాలలో, పిప్‌కు తెలిసిన క్షణంలోనే తెలియాలి. ముందే తెలిస్తే ఉత్కంఠ పోతుంది. ఆలస్యమైతే అర్థం పోతుంది. పుస్తకం చదివేవాడు వెనక్కి వెళ్ళి వాక్యాన్ని మళ్ళీ చూసుకోగలడు. వినేవాడు సాధారణంగా అలా చేయడు. కాబట్టి పఠనప్రతి విలువను ఈ రెండు క్షణాల వద్ద కొలవవచ్చు.

సర్వనామం చేసే ద్రోహం

ఆంగ్లంలో పురుషుడికి ఒకటే సర్వనామం. అపరిచితుడైనా, నేరస్థుడైనా, ఉపకారి అయినా మాట మారదు. తెలుగులో 'వాడు', 'అతను', 'ఆయన' అన్న మూడింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. పైగా ఈ అధ్యాయమంతటా ఆగంతకుడికి పేరు లేదు. అతని పేరు తరువాతి అధ్యాయంలో గాని బయటపడదు. అందువల్ల సర్వనామం భారం ఇంకా పెరుగుతుంది.

అనువాదకుడు మెట్లమీదనే 'వాడు' అని మొదలుపెడితే, వస్తున్నవాడు నీచుడనో, శత్రువనో శ్రోతకు ముందే సూచన అందుతుంది. నవల ఆరంభంలోని ఖైదీని 'వాడు' అని విన్న చెవికి ఆ మాట పాతమనిషిని వెంటనే గుర్తుచేస్తుంది. 'ఆయన' అంటే పిప్ మనసులోని అనుమానానికి విరుద్ధం. ఎంత నేర్పుగా చదివినా పఠిత ఈ పొరపాటును కప్పిపుచ్చలేరు. 'సందేహంగా' అని అంచున సూచన రాసినా, నోటి నుంచి వచ్చే మాట సందేహాన్ని ముందే తీర్చివేసి ఉంటుంది.

ఇక్కడ పనికివచ్చే పరిష్కారం సర్వనామాన్ని దశలవారీగా విడుదల చేయడం. మెట్ల చీకటిలో 'ఎవరో', దీపపు వెలుగులోకి వచ్చాక 'ఆ మనిషి', గుర్తుపట్టిన తరువాత 'అతను'. మొదటి దశలో క్రియాంతాన్ని కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. 'ఎవరో వస్తున్నారు' అన్నప్పుడు లింగం గాని, స్థాయి గాని బయటపడవు. 'ఎవరో వస్తున్నాడు' అంటే సగం రహస్యం అయిపోయినట్టే. తెలుగు క్రియాంతమే ఇక్కడ దీపం ఎత్తి పట్టుకునే పని చేస్తుంది. ఎంత ఎత్తాలో ప్రతి తయారుచేసేవారు నిర్ణయించాలి.

సంబోధనల విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. ఆగంతకుడు మొదట పిప్‌ను యజమానిని పిలిచినట్టు పిలుస్తాడు. తరువాత కన్నబిడ్డను పిలిచినట్టు పిలుస్తాడు. తెలుగులో 'అయ్యా' నుంచి 'నాయనా'కు ఈ ప్రయాణం సహజంగా సాగుతుంది. 'నాయనా' అన్నది పెద్దలు పిల్లలను లాలనగా పిలిచే మాట. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో తండ్రిని పిలిచే మాట కూడా. తాను పిప్‌కు రెండవ తండ్రినని ఆగంతకుడు చెప్పుకునే అధ్యాయంలో ఈ రెండర్థాలూ ఒకే పిలుపులో వినిపించడం తెలుగు పఠనానికి దొరికిన అదృష్టం. పిప్ మాత్రం చివరిదాకా 'మీరు' వదలకూడదు. అతని మర్యాద ప్రేమవల్ల వచ్చినది కాదు, దూరం పెట్టడానికి వచ్చినది. ఒకరు 'నాయనా' అంటూ దగ్గరవుతుంటే, మరొకరు 'మీరు' అంటూ వెనక్కి జరుగుతుంటారు. ఇలా కుదిరినప్పుడు సంభాషణలో చాలాచోట్ల 'అన్నాడు', 'అన్నాను' అనే ముక్తాయింపులు అవసరం లేకుండానే ఎవరు మాట్లాడుతున్నదీ తెలుస్తుంది. పఠిత గొంతు మార్చి నటించవలసిన అవసరమూ తగ్గుతుంది.

వాక్యాంతంలో దాగిన నిషేధం

మొదటి ఎరుక ఘట్టంలో డికెన్స్ ఒక ప్రత్యేకమైన నిర్మాణాన్ని వాడాడు. గుర్తుపట్టించడానికి ఆగంతకుడు చేయగల చేష్టలను మూడింటిని వరసగా చెప్పి, వాటిలో ఏదీ అవసరపడలేదని అంటాడు. ఆంగ్లంలో 'అవసరం లేదు' అన్న భావం ప్రతి అంశానికీ ముందే వస్తుంది. శ్రోత నిషేధాన్ని విన్న తరువాతనే చేష్టను వింటాడు. తెలుగులో నిషేధం చివరికి పోతుంది.

ఇటువంటి నిర్మాణానికి ఒక కల్పితవాక్యాన్ని చూడవచ్చు: 'అతను గొంతు పెంచి, బల్లమీద చేత్తో కొట్టి, నన్ను పేరుపెట్టి పిలవవలసిన పని లేకపోయింది.' కంటికి ఇది సవ్యమైన వాక్యమే. చెవికి మాత్రం గొంతు పెంచడం, బల్లమీద కొట్టడం జరిగిపోయినట్టే తోస్తుంది. చివరి రెండు మాటలు వచ్చాక శ్రోత తాను ఊహించుకున్నదంతా చెరుపుకోవాలి. మూడుసార్లు వరసగా ఇలా జరిగితే, ఎరుక కలిగే క్షణంలో శ్రోత వాక్యాన్ని సరిచేసుకునే పనిలో ఉంటాడు.

దీనికి ప్రతిలో సాధారణంగా కనిపించే చికిత్స విరామం. 'కొట్టి' తరువాత ఒక గీత, 'పిలవవలసిన' తరువాత మరొక గీత పెడతారు. దానివల్ల తప్పుడు ఊహకు మరికొంత సమయం దొరుకుతుందే తప్ప ప్రయోజనం ఉండదు. చేయవలసినది వాక్యాన్ని తిరగరాయడం. ఎరుకను ముందు చెప్పాలి: 'అప్పటికే గుర్తుపట్టాను.' ఆ తరువాత 'గొంతు పెంచే పని లేదు. బల్లమీద కొట్టే పని లేదు. పేరుపెట్టి పిలిచే పని అసలే లేదు' అని చిన్నవాక్యాలుగా విడగొట్టాలి. మూలక్రమం మారింది, నిజమే. కాని మూలంలో శ్రోతకు అందిన క్రమం, అంటే ముందు ఎరుక, తరువాత దాని నిదర్శనాలు, ఇక్కడ నిలిచింది. అనువాదంలో విధేయత మాటల వరసకా, వినికిడి వరసకా అన్న ప్రశ్నకు పఠనప్రతి రెండవదానినే సమాధానంగా ఎంచుకోవాలి.

విరామం: ఎక్కడ, ఎంత

అన్నిచోట్లా వాక్యాన్ని మార్చనక్కరలేదు. రెండు ఎరుకల మధ్య ఒక ఘట్టం ఉంది. బాల్యంలో తనకు అందిన రెండు ఒక పౌను నోట్లకు బదులుగా పిప్ రెండు కొత్తనోట్లు ఇస్తాడు. ఆగంతకుడు వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, పొడవుగా మడిచి, మెలితిప్పి, దీపానికి అంటించి, బూడిదను పళ్ళెంలో రాలుస్తాడు. తెలుగు క్త్వార్థకక్రియలు ఈ వరసను అవలీలగా మోస్తాయి. ఆ అవలీలే ఇక్కడ ప్రమాదం. 'పేర్చి, మడిచి, మెలితిప్పి, అంటించి, రాల్చాడు' అని ఒకే ఊపులో చదివితే నోట్లు కాలడం కూడా మడవడంలాంటి ఒక పనిగా దొర్లిపోతుంది. వాక్యపు బరువంతా సమాపకక్రియ మీద, అంటే బూడిద రాల్చడం మీద పడుతుంది.

ఈ చోట ప్రతిని ఇలా సిద్ధం చేయవచ్చు. ఒంటి గీత అరసెకను విరామానికి, జంట గీత ఒక సెకను విరామానికి గుర్తు.

[తొందర లేకుండా, రోజువారీ పని చెబుతున్నట్టు]
నోట్లు పేర్చి, మడిచి, మెలితిప్పాడు. |
దీపానికి అంటించాడు. ||
[గొంతు పెంచవద్దు]
బూడిద పళ్ళెంలో రాలింది.

ఇందులో మూడు నిర్ణయాలు ఉన్నాయి. 'మెలితిప్పాడు' వద్ద వాక్యాన్ని ముగించడంవల్ల 'అంటించాడు' సొంత వాక్యమైంది. విరామం అంటించిన తరువాత పెద్దది, ముందు చిన్నది. ముందే పెద్ద విరామం పెడితే ఏదో జరగబోతోందని శ్రోతను హెచ్చరించినట్టవుతుంది. సూచన ప్రతిసారీ వాక్యానికి ముందు వచ్చింది. వాక్యం తరువాత సూచన రాస్తే పఠిత దానిని చూసేసరికి వాక్యం నోటినుంచి దాటిపోయి ఉంటుంది. సూచనలు 'బాధగా', 'ఆశ్చర్యంగా' వంటి భావనామాలు కావని కూడా గమనించాలి. గొంతు పెంచవద్దు, తొందరపడవద్దు అన్నవి పాటించగలిగిన పనులు. 'ఆశ్చర్యంగా' అన్నది మాత్రం పదిమంది పది రకాలుగా చేసే పని.

విరామచిహ్నానికి తెలుగులో సంధితో తగవు ఉంది. 'వచ్చాడనుకున్నాను' అన్నది ఒకే ఊపిరిలో పలికే మాట. దీనిని 'వచ్చాడు | అనుకున్నాను' అని విడదీస్తే, రావడం నిజంగా జరిగినట్టు, అనుకోవడం దానికి వేరే కొనసాగింపు అయినట్టు వినిపిస్తుంది. మెట్లమీద అడుగులు వినిపించే ఘట్టంలో, పిప్ భ్రమపడుతున్నాడా, నిజంగా ఎవరైనా వచ్చారా అన్నదే ప్రశ్న అయినప్పుడు ఈ తేడా చిన్నది కాదు. కాబట్టి ప్రతిలో సంధి చేసినచోట గీత పెట్టకూడదు. గీత పెట్టదలచినచోట సంధి విడదీసి, రెండవ పదాన్ని అచ్చుతో మొదలుపెట్టి రాయాలి. ఈ పని పఠిత తెలివికి వదిలేస్తే ఒకసారి కలిపి, మరొకసారి విడదీసి చదువుతారు.

ఇక నిడివి లెక్క. ఆంగ్లపదాల సంఖ్యను బట్టి తెలుగు పఠనం నిడివిని అంచనా కట్టడం కుదరదు. తెలుగులో విభక్తులు, క్రియారూపాలు, సంధులు కలిసి పదాల సంఖ్య తగ్గుతుంది, పదం పొడవు పెరుగుతుంది. అక్షరాలను లెక్కించడమే నమ్మదగిన మార్గం. పఠితచేత ఒక పుట చదివించి, సెకనుకు ఎన్ని అక్షరాలు పలుకుతున్నారో చూడాలి. ఉదాహరణకు ప్రతిలో 12,000 అక్షరాలు ఉండి, సెకనుకు ఐదు చొప్పున పలికారనుకుంటే మాటలకే 40 నిమిషాలు పడుతుంది. దానికి విరామాలు కలపాలి. అరసెకనువి 400, ఒక సెకనువి 60, రెండున్నర సెకన్లవి పది ఉన్నాయనుకుంటే వరసగా 200, 60, 25 సెకన్లు. మొత్తం నాలుగు ముప్పావు నిమిషాలు. ఇందులో అధికభాగం చిన్నవిరామాలదే. అధ్యాయం సాగుతోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు పెద్దవిరామాలను తగ్గించడం అందరికీ తోచే మార్గం. నిజానికి కామా కనబడ్డ ప్రతిచోటా పెట్టిన చిన్నగీతలే కాలాన్ని హరిస్తాయి. అవి తీసేస్తే వేగం పెరుగుతుంది, మిగిలిన పెద్దవిరామాలకు విలువా పెరుగుతుంది.

ఉచ్చారణసూచన: కథతో ముడి

ఉచ్చారణపట్టికను పేర్ల జాబితాగా భావించడం పరిపాటి. ఈ అధ్యాయంలో రెండవ ఎరుక ఒక ధ్వని మీద ఆధారపడి ఉంది. తన సంగతి తనకు తెలుసని నిరూపించడానికి ఆగంతకుడు పిప్ ఆదాయంలోని మొదటి అంకెను, తరువాత పిప్ సంరక్షకుడైన లాయరు పేరులోని మొదటి అక్షరాన్ని అడుగుతాడు. అంకె ఐదు. 'ఐదువందలు' అన్న మాటలో అది స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి చిక్కు లేదు. అక్షరం 'జె'. లాయరు పేరును సాధారణంగా 'జాగర్స్' అని రాస్తారు. తెలుగులో 'జ'కు రెండు ఉచ్చారణలు ఉన్నాయి. 'జాతి'లో తాలవ్యం, 'జాము'లో దంత్యం. పూర్వులు దంత్యాన్ని 'ౙ' అని వేరుగా గుర్తించారు. పఠిత 'ౙాగర్స్' అని దంత్యంగా పలికి, తరువాత 'జె' అని తాలవ్యంగా పలికితే, రెంటికీ పొత్తు ఉందని చెవికి తట్టదు. ఆ పొత్తు తట్టకపోతే పిప్ గుండె ఎందుకు ఆగినంత పనయిందో శ్రోతకు అర్థం కాదు.

'జ్యాగర్స్' అని రాస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. యవత్తు తాలవ్యోచ్చారణను ఖాయం చేస్తుంది. 'బ్యాంకు' అన్న రాతలో తెలుగువారికి అలవాటైన అచ్చే కాబట్టి మూలోచ్చారణకూ దగ్గరవుతుంది. యకారం మరీ బరువుగా పలకకుండా ఉండడానికి, కృష్ణా, గుంటూరు వాడుకలో 'వచ్చాడు' అన్నప్పుడు చకారం మీద పలికే అచ్చును పోలికగా పట్టికలో చేర్చవచ్చు. ఈ పేరు నవలలో చాలా ముందే వస్తుంది కాబట్టి నిర్ణయం 39వ అధ్యాయంలో తీసుకుంటే ఆలస్యమవుతుంది. పట్టికను మొత్తం నవలకు ఒకేసారి తయారుచేసుకోవాలి.

'ఆకురాయి' విషయమూ ఇటువంటిదే. మూలంలోని మాటను లిప్యంతరీకరిస్తే 'ఫైలు' అవుతుంది. వినేవారికి కార్యాలయపు కాగితాల కట్ట స్ఫురిస్తుంది. మొదటి అధ్యాయాలలో 'ఆకురాయి' అని, ఇక్కడ 'అరం' అని రాసినా నష్టమే. నవల మొదట్లో పిప్ దొంగిలించి తెచ్చిన పనిముట్టు ఇదేనని శ్రోతకు తెలిసేది ఆ మాట ధ్వనివల్లనే.

పిప్ నివసించే చోటు 'టెంపుల్'. అది లండన్‌లో న్యాయవాదుల నెలవు. ఆంగ్లముద్రణలో పెద్దక్షరం అది ఒక పేరని చెబుతుంది. తెలుగులిపిలో ఆ సదుపాయం లేదు, ధ్వనిలో ఏ భాషలోనూ లేదు. 'టెంపుల్‌లో ఉంటున్నాను' అని వింటే తెలుగు శ్రోత గుడిని ఊహిస్తాడు. మొదటిసారి వచ్చినచోట 'టెంపుల్ అనే లాయర్ల పేట' అని వాక్యంలోనే చెప్పాలి. ఇది ఉచ్చారణపట్టికతో తీరే సమస్య కాదు.

సరైన ఉచ్చారణే ఎల్లప్పుడూ సరైన నిర్ణయమనీ చెప్పలేము. మేడ నదిపక్కన ఉందని మూలం అంటుంది. తెలుగుప్రతిలో నదిపేరు చేర్చవలసివస్తే 'థేమ్స్' అనాలా, ఆంగ్లేయులు పలికినట్టు 'టెమ్జ్' అనాలా? బడిపుస్తకాలలో 'థేమ్స్' అని చదువుకున్న శ్రోతకు 'టెమ్జ్' తెలియని నది. ఇక్కడ వాడుకే మేలు. జ్యాగర్స్ పేరుకు అటువంటి వాడుక లేదు, పైగా కథ దాని ధ్వని మీద నిలిచింది. శ్రోత పోల్చుకోగలగడమే రెండుచోట్లా కొలమానం.

తీరని చిక్కు

ఎంత శ్రద్ధ తీసుకున్నా ఒక అంశం పూర్తిగా లొంగదు. ఆగంతకుడి ఆంగ్లం చదువులేనివాడి ఆంగ్లం. దానిని ఏదో ఒక తెలుగు మాండలికంలోకి మార్చితే, నేరస్థుడి భాష ఆ ప్రాంతం భాష అన్న అపవాదు చెవిన పడుతుంది. ముద్రణలో కొన్ని మాటలకే పరిమితమయ్యే ఈ అన్యాయం, గొంతులో యాసగా మారినప్పుడు మొత్తం ప్రాంతానికి అంటుతుంది. శిష్టభాషలో చెప్పిస్తే పిప్‌కూ అతనికీ మధ్య ఉన్న వర్గదూరం మాసిపోతుంది. చిన్నవాక్యాలు, తద్భవపదాలు, తరచుగా 'నాయనా' అన్న పిలుపు – వీటితో ప్రాంతం పేరెత్తకుండా చదువులేమిని కొంత సూచించవచ్చు. అది మూలానికి సమానం కాదు. ఎంచుకోదగిన నష్టాలలో తక్కువ నష్టం మాత్రమే.

ముగింపు

పఠనప్రతిని పరీక్షించడానికి పుస్తకం చూడని ఒక శ్రోత చాలు. అధ్యాయం విన్న తరువాత వచ్చినవాడు ఎవరో ఎప్పుడు తెలిసింది, డబ్బు ఎవరిదో ఎప్పుడు తెలిసింది అని అడగాలి. ఆ రెండు జవాబులు పిప్ తెలుసుకున్న క్షణాలతో కలవాలి. ముందే తెలిస్తే సర్వనామాలను, క్రియాంతాలను వెతకాలి. ఆలస్యంగా తెలిస్తే వాక్యక్రమాన్ని, పేర్ల ఉచ్చారణను వెతకాలి. పఠిత ఒకేచోట రెండుసార్లు తడబడితే అక్కడ గీత చేర్చడానికి ముందు వాక్యాన్ని తిరగరాసి చూడాలి.

డికెన్స్ పఠనప్రతులలో అంచుసూచనలకన్నా కొట్టివేతలు, కుదింపులు ఎక్కువ పని చేశాయని చెప్పుకోవచ్చు. తెలుగు పఠనప్రతిలోనూ విరామచిహ్నం చివరి పని కావాలి. వాక్యం చెవికి సిద్ధమైన తరువాత ప్రతిలో మిగిలే గీతలు కొన్నే. అవి నోట్లు కాలినచోట, మెట్లమీద అడుగు ఆగినచోట ఉంటాయి.